రాత్రి పదింటికి కొత్త ప్రశ్నపత్రం ఎందుకు?

మా వీధిలో పదో తరగతి పిల్లలున్న ఇల్లు ఏదో రాత్రిపూట ఎవరినీ అడగక్కర్లేదు. లెక్కల పరీక్ష ముందు రోజు పన్నెండింటికి కూడా లైటు వెలుగుతూ ఉంటుంది. పెద్దవాళ్ళకి అది చూస్తే సంతోషం. "పిల్లోడు చదువుతున్నాడు" అంటారు. నేను మాత్రం ఆ లైటు ఆర్పేయాలంటాను. సోమరితనంతో చెప్పే మాట కాదిది, నా జవాబు కాగితాలు చూసుకున్నాక చెప్తున్నా.

పోయిన అరవార్షిక పరీక్షకి ముందు రోజు సాయంత్రానికే పాత ప్రశ్నపత్రాలు ఐదూ పూర్తయ్యాయి. అయినా భయం పోలేదు. రాత్రి పదింటికి ఎవరో పంపిన కొత్త మాదిరి పత్రం ముందు పెట్టుకుని కూర్చున్నా. అందులో ఒక గ్రాఫు లెక్క: y = x² − 4x + 3 గీసి, దాని సాయంతో x² − 6x + 9 = 0 సాధించాలి. రెండో దాన్ని మొదటి దాంట్లోంచి తీసేస్తే y = 2x − 6 అనే సరళరేఖ రావాలి. తీసేసేటప్పుడు కింది వరుసలో గుర్తులన్నీ మార్చాలి కదా, అది మరిచి y = −10x + 12 అని రాశాను. ఆ రేఖ వక్రాన్ని రెండు చోట్ల కోసింది. నిజానికి ఒక్కచోట, x = 3 దగ్గర, తాకి ఊరుకోవాలి. ఎక్కడ తప్పిందో తెలియక ముప్పావు గంట కొట్టుకుని ఒంటిగంటకి పడుకున్నా. పొద్దున్నే చూస్తే రెండు నిమిషాల్లో దొరికింది. దొరికి ఏం లాభం? నిద్ర చాలక హాల్లో మళ్ళీ అలాంటి గుర్తు దగ్గరే జారాను.

"కొత్త లెక్క ఒకటి ఎక్కువ చేస్తే తప్పేంటి?" అంటారు మా ట్యూషన్ నేస్తులు. తప్పుంది. పగలు నేర్చినదాన్ని మెదడు గట్టి చేసుకునేది నిద్రలోనే. ఆ నిద్రే కోసేసి ఇంకో లెక్క పెడితే, ఉన్నది వదులై కొత్తది అంటుకోదు. పైగా రాత్రి పదింటికి రాని లెక్క ఎదురైతే వచ్చిన లెక్కల మీద కూడా నమ్మకం పోతుంది. తొమ్మిదింటికి ఫోన్లో తిరిగే "ఇవే వస్తాయి" జాబితా కూడా అంతే. మన తమిళనాడు ప్రశ్నపత్రంలో 28, 42 ప్రశ్నలు తప్పనిసరివి, వదిలే వీలు లేదు. జాబితాని నమ్మినవాడు అక్కడ ఏం చేస్తాడు?

మరి పాత పత్రాలు ఎందుకు చేశామంటే, మన తప్పులు మనకి తెలియడానికి. చివరిసారి తిరగేసేటప్పుడు లెక్కలన్నీ మళ్ళీ చెయ్యక్కర్లేదు. మార్కు పోయిన చోట్లు మాత్రం చూసి ఒక్క కాగితం మీద రాసుకోవాలి. నా కాగితంలో ఏడే వరుసలు వచ్చాయి. నాలుగు గుర్తుల తప్పులు, రెండు గ్రాఫులో స్కేలు రాయకపోవడం, ఒకటి జ్యామితిలో చిత్తు పటం గీయకపోవడం. ఇది మధ్యాహ్నమే ముగించాలి. గ్రాఫు 8, జ్యామితి 8, కలిపి 16 మార్కులు. ఈ ఏడు వరుసల్లో మూడు వాటివే!

రాత్రి ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ కాగితమే. పైన చెప్పిన లెక్క లాంటిది ఒకటి చేసి, వచ్చిన మూలాన్ని రెండు సమీకరణాల్లోనూ పెట్టి చూడాలి. x = 3 అయితే వక్రానికీ సున్నా, 2x − 6 కీ సున్నా, కాబట్టి సరే. తర్వాత అన్నం. ఆ పైన పెట్టె సర్దడం. వృత్తలేఖిని మర ఒకసారి బిగించి చూడండి. వదులుగా ఉంటే చాపం గీస్తుండగానే వ్యాసార్థం మారిపోతుంది. పొద్దున కొందామంటే అంగళ్ళు తెరిచి ఉండవు. హాల్ టికెట్టు, రెండు పెన్నులు, చెక్కిన పెన్సిళ్ళు కూడా అప్పుడే. కాఫీ వద్దు. "ఒక లోటా తాగు నాయనా" అని అవ్వ తెచ్చినా వద్దనాలి, నిద్ర చెడుతుంది. పదింటికి లైటు ఆర్పాలి.

పొద్దున ఐదున్నరకి లేచి థేల్స్ సిద్ధాంతం నిరూపణ చూడకుండా ఒక్కసారి రాసి, ఏడు వరుసలూ చదివి, కాగితం ఇంట్లోనే వదిలేసి రావాలి. రెండు ఇడ్లీలు చాలు. గేటు దగ్గర గుంపుగా నిలబడి "ఇది చదివావా, అది చదివావా" అనే వాళ్ళ పక్కకే పోకండి. నన్ను పొగరుబోతు అన్నా సరే, నేను దూరంగా చెట్టు కిందే నిలబడతా.

హాల్లో రాయడానికి ముందు ప్రశ్నపత్రం చదవడానికి పది నిమిషాలు ఇస్తారు. నేను ముందు చూసేది 28, 42. ఆ తర్వాత చివరి పేజీలో గ్రాఫు, జ్యామితి ఏం అడిగారో చూసి, రెండింటిలో ఏది గీస్తానో అప్పుడే తేల్చుకుంటాను.