సెలవు చీటీలో ఇంటి గొడవలెందుకు

జూన్‌లో బడులు తెరిచే ముందు వారం విజయనగరంలో, శ్రీకాకుళంలో ఏ వీధిలో చూసినా టాటా ఏస్ బండ్ల మీద మంచాలూ బీరువాలూ ఊరేగుతుంటాయి. పిల్లల బడికి దగ్గరవుతుందని కొందరు, ఆషాఢం వచ్చేస్తోందని కొందరు, అద్దె ఇళ్లవాళ్లంతా ఒక్కసారే కదులుతారు. ఆ వారమే ఆఫీసుల్లో సెలవు చీటీలూ పెరుగుతాయి. వాటిలో సగం ‘స్వంత పనుల నిమిత్తం’ అని ముగిసిపోతాయి. మిగతా సగం ఓనరు కొడుకు పెళ్లి కుదిరిన దగ్గర్నుంచి బోరులో నీళ్లు తగ్గిన దాకా ఏకరువు పెడతాయి. రెండూ పనికిరావనే అంటాను. ఇల్లు మారుతున్నామన్న ముక్క చెప్పాలి. ఎందుకు మారుతున్నామన్నది అక్కర్లేదు.

మొదటి ముక్క ఎందుకు చెప్పాలంటే, స్వంత పని అన్నదాన్ని ఎవరైనా జరపగలరు. ‘ఆ పనేదో శుక్రవారం చూసుకోవమ్మా, బుధవారం జిల్లా నుంచి మనుషులొస్తన్నారు’ అంటే మన దగ్గర జవాబుండదు. ఇల్లు మారడమైతే బండి మాట్లాడేశాం, పాత ఓనరుకి తాళం ఇచ్చే తేదీ చెప్పేశాం, పంతులుగారు ముహూర్తం పెట్టేశారు. ఆ తేదీ కదలదని ఎదుటివాళ్లకీ తెలుసు. ఇంకో లాభం కూడా ఉంది. ఇల్లు మారుతున్నారని తెలిస్తే మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ చేసి ‘ఆ ఫైలెక్కడుంది’ అని అడగడానికి పై మనిషి ఒకసారి ఆలోచిస్తాడు.

రెండో ముక్క, అంటే ఎందుకు మారుతున్నామన్నది, సెలవు ఇవ్వాలా వద్దా అన్నదాన్ని ఏమీ మార్చదు. మార్చేది ఊళ్లో కబుర్లని. మన ఊళ్లు చిన్నవి. తోటపాలెంలో ఓనరుతో పడలేదని చీటీలో రాస్తే, ఆ ఓనరు తోడల్లుడు మన ఆఫీసులోనే ఉంటాడు. కొత్తింటి అద్దె రాశామంటే జీతం మీద చర్చ మొదలవుతుంది. పైగా సర్కారీ ఆఫీసులో ఆ కాగితం ఫైలులో పడి మనకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

ఒక ఊహ వేసుకుందాం. విజయనగరంలో ఓ ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి. తోటపాలెం నుంచి దాసన్నపేట మారాలి. ముహూర్తం గురువారం తెల్లవారుజామున అయిదింటికి. అలవాటు ప్రకారమైతే గురు, శుక్రవారాలు రెండూ అడిగేస్తాం. కానీ గురువారం జరిగేది పాలు పొంగించడమే. దేవుడి పటం, స్టవ్వు, పాలగిన్నె, ఉప్పూ పసుపూ స్కూటీ మీద పట్టుకెళ్లి ఆ పని కానిచ్చి, తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండొచ్చు. సామాను ఆదివారం ఎక్కించుకుంటే సెలవు కావలసింది సోమవారం ఒక్కటే. ఆ సోమవారం మాత్రం నిజంగా కావాలి. గ్యాస్ బిగించాలి, మంచాలు బిగించాలి, నెట్ వాడొస్తాడు, పాతింటికెళ్లి కరెంటు మీటరు రీడింగ్ ఓనరు ఎదురుగా ఫోటో తీసి అడ్వాన్సు వెనక్కి తీసుకోవాలి. చాలామంది సామాను ఎక్కించే రోజుకి సెలవు పెట్టి, ఈ రెండోరోజుకి పెట్టరు. తర్వాత మూడు రోజులపాటు గంటా రెండు గంటలు పర్మిషన్లు అడుగుతూ తిరుగుతారు. ఆఫీసుకి ఒక పూర్తి సెలవు కన్నా ఆ తుంపుల పర్మిషన్లే చిరాకు.

ఆ అమ్మాయి మేనేజరుకి వారం ముందు పంపాల్సిన మెసేజీ ఇంత: ‘సార్, ఆదివారం ఇల్లు మారుతున్నాం. సోమవారం ఒక్కరోజు క్యాజువల్ లీవ్ కావాలి. సోమవారం కట్టాల్సిన చెల్లింపులు శనివారమే తయారుచేసి మీ సంతకానికి పెడతాను. అవసరమైతే సాయంత్రం నాలుగు తర్వాత ఫోన్‌లో దొరుకుతాను.’ ఇందులో తీసేయదగ్గది లేదు, చేర్చాల్సిందీ లేదు. నాలుగు తర్వాత అన్న మాటే ముఖ్యం. ‘ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి’ అని మర్యాదకి రాస్తే బీరువా మెట్ల మీద ఉన్నప్పుడే ఫోన్ మోగుతుంది.

కాగితం మీద ఇంతే రాసినా నోటితో అడక్క మానరు. ‘ఏటమ్మా, ఇల్లు మారిపోతన్నారేటి? ఆ ఓనరు మంచోడే కదేటి?’ అంటారు. ఇది విచారణ కాదు, మన పక్క పలకరింపు. మొహం ముడుచుకుంటే బాగోదు. ‘మంచోడే సార్, పిల్లల బడికి ఇదైతే దగ్గర’ అని నిజమైన కారణాల్లో తేలికైనది ఒకటి చెప్పి నవ్వేస్తే సరిపోతుంది. అన్నీ చెప్పకపోవడం అబద్ధం కాదు. జ్వరమని చెప్పడం అబద్ధం. అదెలాగూ నిలవదు. మూడులాంతర్ల దగ్గర ట్రాలీ మీద మన గ్రైండరు పక్కన మనం కూర్చుని ఉండగా ఆఫీసు అటెండరు ఎదురుపడకపోతే అది విజయనగరమే కాదు.

సర్కారీ కొలువుల్లో లెక్క కొంచెం వేరు. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు. మధ్యలోనో పక్కనో వచ్చే ఆదివారం ఆ లెక్కలోకి రాదు, సెలవు దినాలతో కలిపి మొత్తం పది రోజులు దాటకూడదు. ఒక పూట పని ఉంటే ఒక పూటకే పెట్టుకోవచ్చు. ఊరు బదిలీ అయితే జాయినింగ్ టైం వేరే ఉంది, ఉన్న ఊళ్లో వీధి మారడానికి అది వర్తించదు. సీతంపేట ఏజెన్సీలో ఏకోపాధ్యాయ బడి టీచరుకైతే కారణం కన్నా పెద్ద ప్రశ్న ఇంకోటుంది: ఆ రోజు బడి తాళం ఎవరు తీస్తారు? ఎంఈఓకి ముందుగా చెబితే సీఆర్ఎంటీనో పక్క బడి టీచరునో సర్దుతారు. కాబట్టి ఆ చీటీలో రాయాల్సింది ముహూర్తం గురించి కాదు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, మధ్యాహ్న భోజనం వండే ఆమెకి చెప్పారో లేదో.

బట్టల షాపులో, మందుల షాపులో పనిచేసేవాళ్లు ‘మాకు సెలవేటి, రాకపోతే కోతే’ అంటారు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. సహేతుకమైన కారణం మీద ఏడాదికి పన్నెండు రోజుల దాకా జీతంతో క్యాజువల్ లీవు అందులో ఉంది. ఇల్లు మారడం సహేతుకం కాకపోతే ఇంకేది? అయితే చట్టం పేరు ఎత్తి అడిగితే యజమాని గట్టిపడతాడు. జీతం కోయబోయినప్పుడు ఎత్తడానికి దాన్ని దాచుకోవాలి. అడిగేటప్పుడు రద్దీ లేని రోజు చూసుకోవడమే తెలివి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం వస్తుంది. ఆ వారం విజయనగరంలో షాపువాడు సెలవివ్వడు, బండీ దొరకదు, దొరికినా కోట వైపు కదలదు.

కొత్త చిరునామా సంగతి. సెలవు చీటీలో ‘సెలవులో ఉండే చోటు’ అని గడి ఉంటే వీధి పేరూ ఫోన్ నంబరూ చాలు. రికార్డుల్లో చిరునామా మార్చమని అడిగేది వేరే కాగితం. దాన్ని అద్దె ఒప్పందం చేతికొచ్చాక, ఆధార్‌లో మార్చుకున్నాక ఇస్తే ఒక్కసారితో పోతుంది. రెండూ ఒకే చీటీలో కలిపితే సెలవు మంజూరు చేసే మనిషి దాన్ని చిరునామా మార్చే సీటుకి పంపిస్తాడు, అక్కడ రుజువు లేదని ఆగుతుంది, సోమవారం వచ్చేస్తుంది.