క్యాజువాలిటీ రిజిస్టర్లో ఆ ఒక్క గడి

రోడ్డు మీద రక్తమోడుతున్న మనిషిని ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చినవారికి క్యాజువాలిటీ గుమ్మంలో ఎదురయ్యే తొలి ప్రశ్న: ‘పేషెంటుకి మీరేమవుతారు?’ ఏమీ కాను, దారిన పోతుంటే కనిపించింది, తెచ్చాను అంటే అవతలివాళ్లకు సగమే నమ్మకం. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు చెప్పమంటారు. ‘ఎస్సై గారు వచ్చేదాకా ఉండండి’ అంటారు. స్కానింగుకి డబ్బు కట్టేదెవరని అడుగుతారు. గుద్దిన బండి మీదేనా అన్న అనుమానం పైకి అనకపోయినా చూపుల్లో ఉంటుంది. సాయం చేసినవారికి మన చట్టం రక్షణ ఇచ్చింది. కానీ ఆ రక్షణ ఈ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి కోతల కాలంలో ఇది మరీ బరువైన సమస్య. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకేవేళ, ఈ రోడ్ల మీద ట్రాక్టరు ట్రక్కుల్లో, ఆటోల్లో కిక్కిరిసిన కూలీలే కనిపిస్తారు. 2023 మే 17న దాచేపల్లి మండలం పొందుగల దగ్గర నల్గొండ జిల్లా నుంచి కూలికి వస్తున్న మహిళల ఆటోను లారీ ఢీకొట్టింది. 2025 ఫిబ్రవరి 9న ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిర్చి కోసి ఇంటికి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు మహిళలు చనిపోయారు. కర్నూలు నుంచి, నల్గొండ నుంచి వలస వచ్చినవాళ్లకు ఇక్కడ చుట్టాలుండరు. ముఠా మొత్తం ఒకే బండిలో ఉంటుంది కాబట్టి తోడొచ్చినవాళ్లకూ దెబ్బలే తగులుతాయి. అలాంటప్పుడు ‘పేషెంటు తాలూకు’ మనిషి ఆసుపత్రికి చేరాలంటే ఒక పూట పడుతుంది. అప్పటిదాకా మోసుకొచ్చినవాడే తాలూకు అయిపోతాడు.

చట్టం ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు డాక్టర్లకు చెప్పింది సూటిగా ఉంది: పోలీసు కేసా కాదా అని చూడకుండా ముందు ప్రాణం నిలపండి. తెచ్చినవారి సంగతి తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2012లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం వల్ల కేంద్రం 2015 మేలో మార్గదర్శకాలు, 2016 జనవరిలో పోలీసులు, ఆసుపత్రులు పాటించాల్సిన పద్ధతి విడుదల చేసింది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వాటికి చట్టబలం ఇచ్చింది. తరవాత 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను, 2020 సెప్టెంబరులో 168, 169 నియమాలు వచ్చాయి. ఈ చట్టం ‘గుడ్ సమారిటన్’ అని పిలిచేది ప్రతిఫలం ఆశించకుండా, మంచి ఉద్దేశంతో సాయం చేసినవారిని.

2015 నాటి మార్గదర్శకాల్లో ఒక అంశం దగ్గర ఆగాలి. తెచ్చినవారి పేరు, ఫోన్ నంబరు ఇవ్వడం పూర్తిగా వారి ఇష్టం అని చెబుతూనే, ఆసుపత్రి నింపే మెడికో లీగల్ ఫారంలో కూడా అది ఐచ్ఛికమే కావాలని ఆ ఫారం పేరు పెట్టి మరీ చెప్పారు. రాసినవారికి రోగం ఎక్కడుందో తెలుసన్నమాట. ఎందుకంటే అసలు చిక్కంతా ఆ ఫారంలోనే ఉంది.

ఒక సందర్భం ఊహించుకుందాం. ఫిబ్రవరి సాయంత్రం. టిక్కీలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి పోతున్న చిన్న ట్రాలీ ఆటో డ్రైవరు ఒకడు సత్తెనపల్లి రోడ్డు మీద బోల్తాపడిన ట్రక్కు చూశాడు. 108కి ఫోన్ చేశాడు. దగ్గరి బండి అప్పటికే ఇంకో కేసు మీద వెళ్లింది, రావడానికి అరగంట అన్నారు. ఒకామె ఊపిరి ఆడక అల్లాడుతోంది. టిక్కీలు కొన్ని దించి రోడ్డు పక్కన పెట్టి, ఆమెను, ఇంకొకామెను ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చాడు. అప్పటికి అతని మనసులో ఉన్న లెక్క మామూలుదే: రోడ్డు పక్కన సరుకు ఉంది, తెల్లారేలోగా యార్డులో దించకపోతే ఆ రోజు అమ్మకం పోతుంది, రైతుకు జవాబు చెప్పాలి. నియమం ప్రకారమైతే అతను స్ట్రెచరు మీదికి మనిషిని చేర్చి, ఎక్కడ తెచ్చాడో ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోవచ్చు. రిజిస్ట్రేషను డబ్బు అడగకూడదు. కావాలంటే తాను తెచ్చినట్టు రసీదు అడిగి తీసుకోవచ్చు. ఈ హక్కులన్నీ స్థానిక భాషలో కూడా రాసి ఆసుపత్రి ప్రవేశద్వారం దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలని నియమమే చెబుతోంది.

మరి డ్యూటీ డాక్టరు పేరు కోసం ఎందుకు పట్టుబడతాడు? రాక్షసత్వం వల్ల కాదు. మెడికో లీగల్ రిజిస్టర్లో రోగి పేరు, వయసు, పుట్టుమచ్చలు, వచ్చిన సమయం, గాయాల వివరం, వాటితోపాటు ‘ఎవరు తెచ్చారు’ అన్న గడి ఉంటుంది. రెండేళ్ల తరవాత ఆ కేసు కోర్టుకొస్తే సాక్షి బోనులో నిలబడేది ఆ డాక్టరే. ఆ గడి ఖాళీగా ఉంటే ప్రతివాది లాయరు పట్టుకునేది దాన్నే. కాబట్టి ఆయన తన చర్మం కాపాడుకోవడానికి అవతలివాణ్ణి నిలబెడతాడు. ఔట్‌పోస్టు కానిస్టేబులుదీ అదే భయం, పైఅధికారి అడుగుతాడని. వీళ్లెవరూ చట్టాన్ని ధిక్కరించడం లేదు. చట్టం మారింది గానీ వాళ్ల చేతిలోని కాగితం మారలేదు, అంతే. ఆ గడిలో ‘వివరాలు ఇవ్వడానికి ఇష్టపడలేదు, 168 నియమం’ అని ముందే అచ్చువేసి, టిక్కు పెట్టడానికి ఒక చోటిస్తే డాక్టరుకి కోర్టులో చెప్పుకోవడానికి ఆధారం దొరుకుతుంది. ట్రాలీ ఆటో కుర్రాడు మళ్లీ రోడ్డెక్కుతాడు. మిర్చి కోతలు మొదలయ్యేలోగా జిల్లా వైద్యాధికారులు ఈ మూడు జిల్లాల రిజిస్టర్లలో చేయగలిగిన మార్పు ఇది. అదనపు సిబ్బంది, నిధులు అక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అందరూ పేరు చెప్పకుండా వెళ్లిపోతే గుద్దిన లారీ ఏదో ఎవరు చెప్తారు? ఈ ప్రశ్న మిగిలేది పోలీసులకు కాదు, చనిపోయిన కూలీ కుటుంబానికి. బండి తెలిస్తే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో మనిషి వయసు, సంపాదన లెక్కగట్టి పరిహారం అడగవచ్చు. బండి తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద 2022 ఏప్రిల్ నుంచి ఇస్తున్న రెండు లక్షలతో, తీవ్ర గాయాలైతే యాభై వేలతో సరిపెట్టుకోవాలి. అందుకే చట్టం ప్రత్యక్షసాక్షిని కొంచెం వేరుగా చూసింది. 2015 మార్గదర్శకాల ప్రకారం కళ్లారా చూసినవారు చిరునామా ఇచ్చి వెళ్లిపోవచ్చు, ఆ పూట ఇంకే ప్రశ్నా వేయకూడదు. సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుంటే 169 నియమం వస్తుంది: వారికి వీలైన చోట, ఇంట్లోనో పనిచేసే చోటో, మఫ్టీలో వెళ్లి, ఒకేసారి వాంగ్మూలం తీసుకోవాలి. స్టేషనుకి రమ్మని పదిసార్లు తిప్పే పాత పద్ధతికి ఇక్కడ తావు లేదు. అయినా, నా ఉద్దేశంలో, మొదటి గంటలో కావలసింది మనిషి పేరు కంటే బండి నంబరు. చీటీ మీద లారీ నంబరు, రంగు, ఏ వైపు పోయిందీ రాసి పేరు లేకుండా ఇచ్చినా తీసుకునే ఏర్పాటు ఉండాలి. ఆ ఆధారంతో టోల్‌గేటు కెమెరాలు వెతకడం పోలీసుల పని.

ఒక భయానికి మాత్రం చట్టంలోనూ సూటి జవాబు లేదు. ‘గుద్దినోడే తెచ్చాడు’ అన్నది గుంపు నోట వెంటనే వచ్చే మాట. గుద్దిన డ్రైవరు క్షతగాత్రుణ్ణి ఆసుపత్రికి చేర్చాలన్నది 134 సెక్షను అతని మీద పెట్టిన బాధ్యత, కాబట్టి అలాంటివారూ వస్తారు. రక్తపు మరకలున్న బండిని తేల్చేదాకా ఆపి ఉంచితే? 134ఏ సెక్షను మాట్లాడేది సాయంలో పొరపాటు జరిగి గాయం పెరిగినా, మనిషి పోయినా సివిల్, క్రిమినల్ బాధ్యత లేదని. బండి గురించి అందులో ఒక్క ముక్క లేదు. కిరాయి బండి మీద బతికేవాడికి రెండు రోజులు బండి ఆగడమంటే కోర్టు కేసుకన్నా పెద్ద శిక్ష.

డబ్బు సంగతిలో మాత్రం ఈ మధ్య మంచి మార్పు వచ్చింది. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన నగదురహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా ఖర్చు భరిస్తారు. ఆసుపత్రికి బిల్లు కట్టే దారి దొరికినప్పుడు తెచ్చినవాడి జేబు వైపు చూసే అవసరం తగ్గుతుంది.

బహుమతి పథకం నాకు అంతగా రుచించలేదు. 2021లో ఐదు వేలతో మొదలైంది. ఇప్పుడు ‘రాహ్‌వీర్’ పేరుతో ఇరవై ఐదు వేలు చేశారు. తీవ్రంగా గాయపడినవారిని తొలి గంటలో ఆసుపత్రికి చేర్చి ప్రాణం నిలిపినవారికి అది. అందుకోవాలంటే పోలీసులు పేరు, చిరునామా, ఫోన్ నంబరుతో ధ్రువపత్రం ఇవ్వాలి, అది కలెక్టరు నాయకత్వంలోని కమిటీకి వెళ్లాలి. ఏ కాగితం, ఏ స్టేషను అంటే జనం జంకుతున్నారో, సరిగ్గా ఆ దారిలోంచే బహుమతి రావాలి. పైగా 2018లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ జరిపిన సర్వేలో నూటికి 84 మందికి ఇలాంటి చట్టం ఉందనే తెలియదు. బహుమతి ప్రకటనల కన్నా ముందు ఆసుపత్రి గోడ మీద తెలుగులో హక్కుల బోర్డు పెడితే పనికొచ్చేది.

ఈ పత్తి, మిర్చి నేలకి సంబంధించి చట్టం చూడని మూల ఇంకొకటి ఉంది. 134ఏ రక్షణ మోటారు వాహన ప్రమాదానికే. పత్తికి పురుగుమందు కొడుతూ గట్టు మీద కూలబడినవాడిని, మిర్చి చేలో పాము కరిచిన కూలీని, మోటారు స్టార్టరు దగ్గర షాకు కొట్టిన రైతుని మోసుకొచ్చినవారు ఈ సెక్షనులోకి రారు. పురుగుమందు కేసయితే మరీ చిక్కు. అది కూడా మెడికో లీగల్ కేసే, ఆత్మహత్యా, ఎవరైనా పట్టించారా అన్న ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. డాక్టరుకి అన్నిటికన్నా ఉపయోగపడేది మందు డబ్బా. లేబులు చూస్తే ఆర్గానోఫాస్ఫేటు మందో కాదో తెలుస్తుంది, అట్రోపిన్ ఇవ్వాలా అన్నది త్వరగా తేలుతుంది. కానీ విషం డబ్బా చేతిలో పట్టుకుని, పక్కింటివాణ్ణి భుజాన వేసుకుని పోలీసు ఔట్‌పోస్టు ముందు నిలబడటానికి ఎంతమందికి ధైర్యం చాలుతుంది? చాలామంది డబ్బాను పొలంలోనే వదిలేసి వస్తారు. మంచి ఉద్దేశంతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షనులో సాధారణ రక్షణ ఉంది గానీ, ఆ సంగతి చెప్పుకోవలసింది కేసు పెట్టాక. సాయం చేసినవారి కోసం కర్ణాటక 2016లో సొంత చట్టం తయారుచేసి, 2018లో రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అలాంటిది చేయదలిస్తే రోడ్డుతో ఆగక చేనిగట్టును కూడా అందులో చేర్చాలి. అంతదాకా పేరు ఐచ్ఛికమన్న అదే గడిని విషం కేసుల రిజిస్టరుకీ వర్తింపజేయడానికి ఆరోగ్య శాఖ నుంచి ఒక సర్క్యులరు చాలు.