పిన్ని భయం, నా భయం

భద్రాచలం నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "వాట్సాప్ వాళ్ళు మన మాటలన్నీ చదువుతారటగా?" అంది. వాళ్ళ ప్రైవసీ పాలసీ ముందేసుకుని మూడే ప్రశ్నలు వెతికాను.

ఏం తీసుకుంటారు? మనం ఇంట్లోవాళ్ళకి పంపుకునే మాటలు, ఫొటోలు వాళ్ళు చదవలేరు. కానీ మన నంబరు, ఫోన్ వివరాలు, యాప్ ఎంతసేపు, ఎలా వాడతామన్నది తీసుకుంటారు. కాంటాక్ట్స్‌కి అనుమతిస్తే వాట్సాప్ లేనివాళ్ళ నంబర్లు కూడా వెళ్తాయి.

ఎవరికిస్తారు? ఫేస్‌బుక్ నడిపే మెటా సంస్థలకి మన నంబరు, ఫోన్ వివరాలు అందుతాయి. 2021లో "ఒప్పుకోవాల్సిందే" అన్నట్టు ఈ పాలసీ మార్చినందుకే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకి 213 కోట్ల జరిమానా వేసింది.

ఎన్నాళ్ళుంచుతారు? అవతలివాళ్ళకి అందని మెసేజీ 30 రోజులుంటుంది. అకౌంట్ డిలీట్ చేశాక మన సమాచారం చెరిపేయడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. యాప్ ఒక్కటే తీసేస్తే అకౌంట్ అలాగే ఉంటుంది.

పిన్ని తన మాటల గురించి భయపడింది. నాకు మాత్రం కాంటాక్ట్స్ దగ్గరే గుచ్చుకుంది. పాలతనిదీ, పనమ్మాయిదీ నంబర్లు వాళ్ళనొక మాటైనా అడక్కుండా ఇచ్చేసింది నేనే కదా!