పొటాష్ పొట్లం గురించి పిల్లల తల్లిదండ్రులకు



ముంచింగిపుట్టులో పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. మీ పత్రిక సంతరోజున చాలా ఊళ్లకు చేరుతుంది కాబట్టి పిల్లల తల్లిదండ్రులతో చెప్పవలసిన మాట మీ ద్వారా చెబుతున్నాను.

ఈమధ్య ఒక పాప తండ్రి బడికి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి అడిగారు: "మాస్టారూ, మా పిల్ల చెయ్యి పెడితే మీ మిషను మోగిందట. ఒంట్లోకి రేడియేషన్ పోయిందా?" ఆ తర్వాత ఇంకో మాట కూడా వినబడింది. బడి పేరు చెప్పి మట్టిలో యురేనియం వెతుకుతున్నారని, రేపు గని వస్తుందని. జోలాపుట్ జలాశయం కింద తాతల ఊళ్లు మునిగిన ఇళ్లు మనవి. బాక్సైట్ మాట ఏళ్ల తరబడి విన్న కొండలు మనవి. ఎవరో పరికరం పట్టుకుని కొలుస్తుంటే అనుమానం రావడం న్యాయమే. అందుకే పాప చెయ్యి పెట్టిన రోజు బల్ల మీద ఏముందో దాచకుండా చెబుతాను.

బల్ల మీద ఉన్నది నూట యాభై గ్రాముల పొటాష్ ఎరువు. మైదానంలో వరికి, కొబ్బరికి వేసే ఎర్ర పొటాషే. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి అతికించాం. దాని పక్కన గైగర్ కౌంటరు. వేలెడంత గొట్టంలోకి రేణువు వచ్చిన ప్రతిసారీ అది 'టిక్' మంటుంది. పొటాషియం ఎక్కడున్నా, దాని పరమాణువులు పదివేలకు ఒకటి చొప్పున రేడియోధార్మికత గలవి. వాటిలో సగం తరిగిపోవడానికి 125 కోట్ల సంవత్సరాలు పడుతుంది. అంత నెమ్మది కాబట్టే భూమి పుట్టినప్పటివి ఇంకా మిగిలి ఉన్నాయి. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. ఎరువులో సగం పొటాషియమే కనుక మా పొట్లంలో సెకనుకు దాదాపు 2,300.

ఈ అంకె విని భయపడకముందే ఇంకో అంకె వినండి. నలభై కిలోల పిల్ల ఒంట్లో ఎనభై గ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. అది లేకపోతే గుండె కొట్టుకోదు, కండ కదలదు. ఆ ఎనభై గ్రాముల్లో సెకనుకు దాదాపు 2,500 పరమాణువులు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. అంటే బల్ల మీది పొట్లంలో ఉన్నది, పక్కన కూర్చున్న పిల్ల ఒంట్లో ఉన్నదానికి ఇంచుమించు సమానం. చోడి అంబలిలోనూ ఉంది, అరటిపండులోనూ ఉంది. తిన్నకొద్దీ ఒంట్లో పేరుకుపోదు. ఎక్కువైన పొటాషియాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి.

మరి పాప చెయ్యి పెడితే ఎందుకు మోగింది? ఒంట్లో ఉన్నది నిజమే గాని, చేతి నుంచి ఆ చిన్న గొట్టానికి అందేది లెక్కలోకి రానంత తక్కువ. బల్ల మీద ఏమీ లేకపోయినా కౌంటరు నిమిషానికి ఇరవైకి పైగా మోగుతుంది. రాతి నుంచి, గోడ నుంచి, ఆకాశం నుంచి వచ్చేవి అవి. అవి గడియారంలా వరుసలో రావు. ఒక్కోసారి ఆరు సెకన్లు నిశ్శబ్దం, ఆ వెంటనే మూడు కలిసి. పాప చెయ్యి పెట్టిన క్షణంలో మూడు కలిసి వచ్చాయి. పిల్లలు కేక వేశారు. నేను అప్పుడే ఆపి వివరించి ఉండాల్సింది. గంట కొట్టేశారు, పాప ఆ భయంతోనే ఇంటికి వెళ్లింది. ఆ తప్పు నాది.

మర్నాడు అదే పాప చేత లెక్కపెట్టించాను. వినడం కాదు, పది నిమిషాల చొప్పున లెక్క. ఖాళీ బల్లకు 231 వచ్చింది. ఇలాంటి లెక్కలో వచ్చిన అంకెకు వర్గమూలం ఎంతో, అంత అటూ ఇటూ ఊగడం మామూలు. 231కి అది పదిహేను. వంట ఉప్పు పొట్లం పెడితే 226, అంటే ఏమీ లేనట్టే. పాప చెయ్యి పెట్టి చూసినా ఆ ఊగులాట లోపలే ఉంది. పొటాష్ పెడితే 318. ఎనభై ఏడు తేడా ఊగులాట కాదు, అది పొట్లం నుంచి వచ్చిందే.

తర్వాత పొట్లానికీ గొట్టానికీ మధ్య పాఠ్యపుస్తకం పెడదామన్నారు పిల్లలు. అక్కడ ఒక మోసం ఉంది. పుస్తకం పెడితే దూరం కూడా పెరుగుతుంది, దూరం వల్లే లెక్క తగ్గొచ్చు. అందుకని ముందు పుస్తకం లేకుండా అంతే ఎత్తులో అగ్గిపెట్టెలు ఆసరాగా పెట్టి చూశాం: 289. అదే ఎత్తులో పుస్తకం పెట్టాక 236. పొటాషియం నుంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం బీటా రేణువులు, వాటిని సెంటీమీటరు మందం కాగితం ఆపేస్తుంది. వాన కురిస్తే మాత్రం ఖాళీ బల్ల లెక్క మళ్లీ తీస్తాం. గాలిలోని రేడాన్ తాలూకు పదార్థాలను వాన నేలకు దించుతుంది, గంటో రెండు గంటలో కౌంటరు కాస్త ఎక్కువగా మోగుతుంది.

అలాగని రేడియేషన్ ఉన్నదేదైనా బడిలోకి తేవచ్చా అంటే, తేకూడదు. పెట్రోమాక్స్ దీపం పాత మాంటిల్ తెస్తే కౌంటరు గలగలా మోగుతుందని ఒక మిత్రుడన్నారు. నిజమే, పాత మాంటిళ్లలో థోరియం ఉండేది. కాని కాలిన మాంటిల్ ముట్టుకుంటే పొడి అవుతుంది, ఆ పొడి ఊపిరితో లోపలికి పోతుంది. వద్దన్నాను. 2010లో ఢిల్లీలో, విశ్వవిద్యాలయంలో వాడకుండా పడున్న కోబాల్ట్-60 పరికరాన్ని తుక్కు కింద అమ్మేస్తే, మాయాపురిలో దాన్ని విడగొట్టారు. ఒక కార్మికుడు చనిపోయాడు. దాని బలం మా పొట్లానికి కోట్ల రెట్లు. కాబట్టి బడిలో రేడియేషన్ అన్న మాట వినబడితే మీరు అడగాల్సింది మూడు ప్రశ్నలు: అది ఏ పదార్థం, ఎంత బలం, పని అయ్యాక ఎక్కడికి పోతుంది? జవాబు చెప్పలేని మాస్టారి చేత ఆ ప్రయోగం ఆపించండి. చెప్పగలిగితే, పేరు చూసి ఆపించకండి. ఆపేస్తే పిల్లలకు మిగిలేది ఆ మూడు టిక్కుల భయం ఒక్కటే.

మా పొట్లం బీరువాలో తాళం కింద ఉంది. తాళం రేడియేషన్ కోసం కాదు. పొటాష్ ఉప్పు పలుకుల్లా కనిపిస్తుంది, నోట్లో ఎక్కువ వేసుకుంటే గుండెకు నిజంగానే ప్రమాదం. సంచి విప్పనివ్వం, అయినా చేతులు కడిగిస్తాం.

చివరికి ఆ తండ్రి లోపలికి వచ్చి మూడో లెక్క అయ్యేదాకా కూర్చున్నారు. "పొలంలో పొయ్యి బూడిద చల్లేది పొటాష్ కోసమే కదా మాస్టారూ, మరి బూడిద మోగదా?" అని అడిగారు. మోగాలి. కాని బూడిదలో పొటాషియం తక్కువ కాబట్టి పది నిమిషాల్లో తేడా తెలియదు. ఒక రాత్రంతా ఖాళీ బల్ల, ఇంకో రాత్రంతా బూడిద లెక్కపెడితే తెలియవచ్చు. ఆయన వచ్చే సంతకు తమ పొయ్యి బూడిద డబ్బాలో తెస్తామన్నారు. ఖాళీ బల్ల లెక్క ముందురోజు రాత్రే మొదలుపెడతాం. చూడాలనుకున్న వాళ్లెవరైనా రావచ్చు.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
ముంచింగిపుట్టు, అల్లూరి సీతారామరాజు జిల్లా