రేట్ల బోర్డు ఫోటోలో అంకెల కంటే తేదీకే ఎక్కువ ఇబ్బంది

వాడపల్లి వైపు అరటి రైతుకి రావులపాలెం మార్కెట్ దగ్గర. అక్కడి రేట్ల బోర్డు ఫోటో రోజూ మీ వాట్సాప్‌కి వస్తుందనుకోండి. గూగుల్ లెన్స్‌తో టెక్స్ట్ కాపీ చేసి షీట్‌లో పేస్ట్ చేస్తే పనైపోయినట్టే అనిపిస్తుంది. నా దృష్టిలో అసలు పని అక్కడే మొదలవుతుంది.

ముందు తేదీ. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే తీసిన సమయం చెరిగిపోతుంది. ఫైల్ పేరులో ఉండేది మీకు అందిన రోజు. అందుకే బోర్డు మీది తేదీనే వేయాలి. 11న తీసింది 12న అందితే వరుస ఇలా ఉండాలి (అంకెలు ఉదాహరణకే):

```
2025-06-11,కర్పూరం,గెల,150,300,IMG-20250612-WA0003.jpg
```

ఒక్కో రకానికి ఒక్కో వరుస. గెల రేటా, కిలో రేటా అన్నది విడిగా రాయాలి. తక్కువ, ఎక్కువ ధరలకి రెండు గడులు పెట్టండి. ఒకే గడిలో 10-12 అని కొడితే షీట్ దాన్ని తేదీగా మార్చేస్తుంది.

సుద్దతో రాసిన 1 ఒక్కోసారి 7గా పడుతుంది. 150 కాస్తా 750 అవుతుంది. కాబట్టి నిన్నటి రేటుకి 30 శాతం తేడా వస్తే ఫోటో తెరిచి చూడండి. అన్ని రేట్లూ నిన్నటివే అయితే బోర్డు మార్చలేదేమో అడగండి.

ఈ షీట్ చూసి ఎవరో గెలలు ఇవాళ కొట్టాలా, రెండ్రోజులు ఆగాలా అని తేల్చుకుంటారు. అనుమానంగా ఉన్న గడిని ఖాళీగా వదలడమే మేలు.