పూతరేకులు పండగకు రావట్లేదండీ!

ఆత్రేయపురంలో పూతరేకులు చేయించి ఊళ్లకు పంపే ఓ ఇల్లాలి సంగతి చూద్దాం. దీపావళి ఆదివారం. శుక్రవారానికల్లా అందిస్తానని 80 డబ్బాలకు డబ్బు కూడా తీసేసుకుంది. డబ్బాకు పది, ఒక్కోదానికి రెండు రేకుల చొప్పున లెక్కేస్తే 1600 రేకులు కావాలి. ఇద్దరు కూర్చుంటే రోజుకు 600 తీస్తారు. మూడు రోజుల పని. ఇంతలో వాయుగుండం!

వానొస్తే ఇంట్లో చేసే పనికేంటి అడ్డం అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కంతా. బోర్లించిన కుండ కింద మంట ఎండు కొబ్బరాకుతో పెడతారు. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండమీద ఇలా లాగితే అలా రేకు రావాలి. ఆకు తడిస్తే పొగే తప్ప మంట ఉండదు. వేడి ఓ పక్క ఎక్కువ, ఓ పక్క తక్కువైతే రేకు చిరుగుతుంది. ఎలాగో తీసినా గాల్లో చెమ్మకు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటుంది. చేత్తో పట్టుకోగానే కాగితంలా గలగలమనాల్సింది తడిగుడ్డలా వేలాడితే ఇక చుట్టడానికి పనికిరాదన్నమాటే.

వానకు ముందు తీసిన 500 రేకులు ఉన్నాయి. అవి 25 డబ్బాలకు సరి. ముందు చెప్పినవాళ్లకు ముందు పంపేస్తే మిగిలేవి 55 డబ్బాలు, 1100 రేకులు. మంగళవారం తెరిపిచ్చింది. ఇప్పుడేం రాయాలి?

‘అనివార్య కారణాల వల్ల ఆలస్యమవుతోంది, రెండు మూడు రోజుల్లో పంపుతాం’ అని రాసేస్తే సులువే. కానీ ఆ మెసేజ్ చదివేవాళ్లలో కొత్తల్లుడు తొలి దీపావళికి వస్తున్న అత్తగారు ఉండొచ్చు. ఆవిడకు కావాల్సింది కారణం కాదు, శనివారంలోగా ఊళ్లో ఇంకో మిఠాయి కొనాలా వద్దా అన్నది. ఆ మాట మంగళవారం తెలిస్తే నాలుగు రోజుల వ్యవధి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తెలిస్తే, డబ్బు వాపసిచ్చినా ఆవిడ పండగ మాత్రం వాపసు రాదు.

తేదీ కూడా ఆశతో కాదు, లెక్కతో వేయాలి. బుధవారం కొబ్బరాకు ఎండాలి. గురు, శుక్రవారాల్లో రేకులు. శనివారం పొద్దున చుట్టి, డబ్బాల్లో పెట్టి కొరియర్‌కు ఇవ్వాలి. ఆదివారం పండగ సెలవు. సోమవారం బండి కదిలితే హైదరాబాద్‌కు మంగళవారం చేరొచ్చు. ఓ రోజు అటూ ఇటూ పోనిచ్చి బుధవారం అని రాయాలి. అప్పుడు మెసేజ్ ఇలా ఉంటుంది:

‘నమస్కారమండీ. మీరు చెప్పిన 2 డబ్బాల పూతరేకులు శుక్రవారానికి అందించలేకపోతున్నాం. క్షమించండి. మూడు రోజుల వానకు కొబ్బరాకు తడిసి రేకులు తీయలేకపోయాం. పండగ తర్వాత బుధవారానికి మీ ఇంటికి చేరతాయి. అప్పుడు వద్దనుకుంటే కొరియర్ ఖర్చుతో సహా మొత్తం డబ్బు, మీరు చెప్పిన రోజే, మీరు కట్టిన ఖాతాకే తిరిగి వేస్తాం. రేపు రాత్రిలోగా ‘కావాలి’ అనో ‘వద్దు’ అనో రాయండి. జవాబు రాకపోతే మేమే ఫోన్ చేస్తాం. డబ్బు తిరిగి తీసుకోవడానికి పిన్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు. మేం ఏ లింకూ పంపం.’

ఆఖరి రెండు వాక్యాలూ ఎందుకంటారా? రీఫండ్ పేరు చెప్పి పిన్ కొట్టించే మోసగాళ్లకు పండగలంటే మహా సరదా. యూపీఐలో పిన్ కొట్టాల్సింది డబ్బు పంపడానికే, అందుకోవడానికి కాదు.

జవాబు రాని వాళ్లది ‘సరే’ అనుకుని పంపేయడం మాత్రం పెద్ద పొరపాటు. డబ్బా బుధవారం చేరేసరికి ఆ ఇంటివాళ్లు ఊళ్లో ఉండకపోవచ్చు. ఇక ‘వాన దేవుడి చేతిలో పని, డబ్బివ్వం’ అనేవాళ్లూ ఉంటారు. ఆన్‌లైన్ అంగళ్లలో అమ్మేవాళ్లు చెప్పిన గడువు దాటాక అందిన సరుకును వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ప్రకృతి విపత్తులాంటి కారణాలకు అందులో మినహాయింపు ఉన్నమాట నిజమే. తుపాను ఊరిని ముంచితే ఆ మాట చెల్లొచ్చేమో! పొయ్యిలో ఆకు తడిసినా అదేమాట అంటే కొన్నావిడ ఊరుకోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తుంది.

బుధవారం రాత్రికి 15 డబ్బాలకు ‘వద్దు’ అని వచ్చిందనుకోండి. ఆ డబ్బు అదే రాత్రి వేసేయాలి. 300 రేకులు తగ్గి, 800 చాలు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా పొయ్యి ఆర్పేయొచ్చు. అలాగని ‘మంగళవారమే వస్తాయి’ అంటూ మరో మెసేజ్ కొట్టకూడదు. రాసిన బుధవారాన్ని అలాగే ఉంచేయాలి.