వీసా రాలేదన్న స్నేహితురాలికి

జూలై వచ్చిందంటే మా తాండూరు వైపు ఇళ్లల్లో రెండే ముచ్చట్లు. ఒకటి కంది విత్తనాలు పెట్టడం గురించి, రెండోది ఎవరి పిల్లలకు వీసా వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది. ఈసారి రాలేదన్న కబురు నాతో ఇంటర్ చదివిన స్నేహితురాలిదే. బీటెక్ చేసి, హైదరాబాదులో మూడేళ్లు ఉద్యోగం చేసి, అమెరికాలో ఎమ్మెస్ సీటు తెచ్చుకుంది. ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లో అయిపోయింది. పాస్‌పోర్టు తిరిగి ఇచ్చి, దానితో ఒక కాగితం చేతిలో పెట్టారట.

సాయంత్రానికల్లా ఆమెకు వచ్చిన ఫోన్లలో మూడు మాటలే ఉన్నాయి. అంతా మన మంచికే. ఇంకోసారి వెళ్తే తప్పకుండా వస్తుంది. ఇక పెళ్లి చేసుకో. అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. కానీ తెల్లారి లేచి ఏం చేయాలో ఆ మూడింట్లో ఒక్కటీ చెప్పదు. ఇలాంటప్పుడు ఓదార్పు కన్నా ముందు, ఏది పోయింది, ఏది పోలేదు అన్న లెక్క కావాలని నా అభిప్రాయం. అందుకే నేను ఆమెకు ఈ మెసేజ్ పంపాను. ఇంకొకరికి పనికొస్తుందని ఆమె అంటేనే ఇక్కడ పెడుతున్నాను.

ఏమే, తిన్నావా? తినకపోతే ముందు తిని, తర్వాత ఇది చదువు.

ఆ కాగితం మీద 214(బీ) అని ఉందన్నావు కదా. అది నిషేధం కాదు. అమెరికా వలస చట్టం ప్రకారం, విద్యార్థి వీసా అడిగే ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే అధికారి ముందుగా అనుకోవాలి. కాదని నమ్మించే బరువు మన మీద ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో ఆయనకు నమ్మకం కుదరలేదు, అంతే. నీ చదువు మీద, నీ తెలివి మీద ఇచ్చిన తీర్పు కాదది. 2024 ఆర్థిక సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద విద్యార్థి వీసా అడిగినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి కాదన్నారు. నీ ఒక్కదానికే జరగలేదు. అదే 221(జీ) అని ఉంటే సంగతి వేరు. అప్పుడు ఇంకేవో కాగితాలు కావాలనో, పరిశీలన మిగిలి ఉందనో అర్థం.

ఇప్పుడు లెక్క. వీసా ఫీజు 185 డాలర్లు పోయాయి, అవి రావు. సెవిస్ ఫీజు 350 డాలర్లు మాత్రం పోలేదు. 12 నెలల లోపల ఇదే రకం వీసాకు మళ్లీ దరఖాస్తు చేస్తే దాన్ని ఇంకోసారి కట్టనక్కర్లేదు. రసీదు జాగ్రత్తగా పెట్టుకో. సీటు కూడా పోలేదు. కానీ దానంతట అది నీ కోసం ఆగదు. కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు రేపే మెయిల్ రాయి. వీసా రాలేదు, నా ప్రవేశాన్ని జనవరికి మార్చి కొత్త ఐ-20 ఇవ్వగలరా అని అడుగు. అన్ని కోర్సులకూ జనవరి ప్రవేశం ఉండదు, వచ్చే ఆగస్టు దాకా ఆగమనవచ్చు. స్కాలర్‌షిప్ కూడా దాంతోపాటు జరుగుతుందా లేదా అని విడిగా అడుగు. కట్టిన డిపాజిట్ సంగతి కూడా రాతపూర్వకంగానే తెలుసుకో.

ఈ మెయిల్ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. నీ నోటీసు పీరియడ్ ఇంకా ఇరవై రోజులుంది. పొద్దున్నే మీ మేనేజరుకు ఫోన్ చేసి, రాజీనామా వెనక్కి తీసుకోవచ్చా అని అడుగు. ఒప్పుకుంటారని చెప్పలేను. కానీ ఇరవై రోజుల తర్వాత అడగడానికి ఏమీ ఉండదు.

తర్వాత బ్యాంకు. మీ నాన్న పొలం కాగితాలు పెట్టి లోన్ తీసుకున్నారు కాబట్టి ఆయనకు నిద్ర పట్టదు. మంజూరైన మొత్తానికి వడ్డీ పడదు, బ్యాంకు నుంచి బయటికి వెళ్లిన డబ్బుకే పడుతుంది. ఇంకా ఒక్క రూపాయి కూడా వెళ్లలేదన్నావు. అంటే వడ్డీ మొదలు కాలేదు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం తిరిగి వస్తుందనుకోకు. బ్యాంకుకు ఉత్తరం రాసి, మంజూరు ఎన్ని నెలలు చెల్లుతుందో అడిగి, ఆ సంగతి నాన్నకు నువ్వే కూర్చోబెట్టి చెప్పు.

మళ్లీ వెళ్లాలా వద్దా అన్నది ఈ వారం తేల్చకు. ఇన్ని రోజులు ఆగాలన్న నియమం లేదు, డబ్బు కట్టి తేదీ దొరికితే వెళ్లవచ్చు. కానీ అదే ఫైలు, అవే జవాబులు తీసుకెళ్తే అదే కాగితం ఇవ్వవచ్చు. ఈ రాత్రికి అడిగిన ప్రశ్నలు, నువ్వు చెప్పిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టు. రెండు రోజులు పోతే గుర్తుండవు. ఈ కాలేజీయే ఎందుకు అంటే, కన్సల్టెన్సీ వాళ్లు నేర్పిన మాట చెప్పానన్నావు. ఆ జవాబు పదిమంది నోట వినే ఉంటారు. మూడేళ్లు నువ్వు ఆఫీసులో చేసిన పని ఏమిటి, అందులో ఏది రాక ఈ కోర్సు కావాలనుకున్నావు అన్నది నీ ఒక్కదానికే తెలిసిన జవాబు. అది చెప్పు.

రెండు జాగ్రత్తలు. డీఎస్-160 ఫారంలో ఇంతకుముందు వీసా నిరాకరించారా అని అడుగుతారు, అవునని రాయాలి. ఖాతాలో డబ్బు చూపిస్తాం, అనుభవం సర్టిఫికెట్ తెస్తాం అని ఎవరైనా అంటే ఆ గడప తొక్కకు. ఇప్పుడు వచ్చింది ఈసారికి కాదన్న మాట. మోసం అని రాస్తే అది జన్మంతా వెంటాడుతుంది.

వచ్చేసారి వస్తుందని నేను చెప్పను, నాకు తెలియదు. అందుకే ఇంట్లో కూర్చుని ఒక తేదీ పెట్టుకోండి. ఆ తేదీ దాకా ఈ ప్రయత్నం, దాని పక్కనే ఇంకొకటి. గేట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. రాస్తే ఇక్కడ ఎంటెక్ దారి తెరిచే ఉంటుంది. నీ ఉద్యోగం నిలిస్తే అదీ ఒక దారే.

పెళ్లి మాట వస్తే, వద్దని పోట్లాడకు. ఆ తేదీ దాటాక మాట్లాడుకుందాం అను. పెళ్లి చెడ్డదని కాదు. రెండు నిమిషాల ఇంటర్వ్యూ చూసి నీ పెళ్లి ముహూర్తం పెట్టకూడదని. మీ అమ్మ వినకపోతే చెప్పు, ఆదివారం నేను వచ్చి కూర్చుంటాను.

ఇదీ నేను పంపింది. ఆమె మేనేజరు ఇద్దరితో మాట్లాడి చెబుతానన్నాడట. కాలేజీ నుంచి ఇంకా జవాబు రాలేదు. ఈలోగా మనలాంటి వాళ్లం చేయగలిగిన పని ఒకటుంది. కిరాణా కొట్టు దగ్గరో, బస్టాండులోనో వాళ్లమ్మ కనబడితే, వీసా ఏమైందని నలుగురిలో అడగకుండా ఉండడం. అడగాలనిపిస్తే ఇంటికి వెళ్లి, ఆ మెయిల్‌కు జవాబొచ్చిందా అని ఆ పిల్లనే అడగండి.